క్రిస్పర్ కత్తిరింపు: సికిల్ సెల్ చికిత్సలో డీఎన్‌ఏ ఎలా మారుతుంది?

అడ్డతీగల, రంపచోడవరం, పాడేరు, అరకు ప్రాంతాల నుంచి వార్తలు రాస్తూ ఈ కోర్సు చదువుతున్న వారికి సికిల్ సెల్ అనే మాట కొత్తది కాదు. ఏజెన్సీలోని కోయ, కొండరెడ్డి తదితర గిరిజన కుటుంబాల్లో ఈ వ్యాధి తరతరాలుగా ఉంది. కీళ్లు, ఎముకలు, ఛాతీలో భరించలేని నొప్పితో పిల్లల్ని ఆసుపత్రికి మోసుకురావడం మీలో కొందరు చూసే ఉంటారు. ఈ వ్యాధికి క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో చికిత్స వచ్చిందన్న వార్తలు 2023 చివరి నుంచి పత్రికల్లో కనిపిస్తున్నాయి. వాటిలో తరచుగా దొర్లే వాక్యం ఒకటుంది: "లోపం ఉన్న జన్యువును శాస్త్రవేత్తలు కత్తిరించి సరిచేశారు."

ఆమోదం పొందిన మొదటి క్రిస్పర్ చికిత్స విషయంలో ఈ వాక్యం తప్పు. లోపం ఉన్న జన్యువును అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. కత్తెర పడింది వేరే క్రోమోజోము మీద, వేరే చోట. పైగా ఆ చోటును సరిచేయలేదు, చెడగొట్టారు. చెడగొడితే రోగం ఎలా తగ్గుతుందన్నదే ఈ పాఠంలో మనం అర్థం చేసుకోవలసిన విషయం. అది అర్థమైతే కుటుంబం అడిగే ప్రశ్నలకు విలేకరి సరైన జవాబు రాయగలుగుతాడు. అర్థం కాకపోతే ఒక తల్లికి లేని ఆశ కల్పిస్తాడు, లేదా ఉన్న ఆశను తీసేస్తాడు.

ఒక్క అక్షరం తేడా

డీఎన్‌ఏను నాలుగే అక్షరాలతో రాసిన పొడవైన రాతగా ఊహించుకోండి. ఆ అక్షరాలు ఏ, టి, జి, సి. డీఎన్‌ఏకు రెండు పోగులుంటాయి. ఒక పోగులో ఏ ఉన్నచోట రెండో పోగులో టి, జి ఉన్నచోట సి ఉంటాయి. అంటే ఒక పోగు తెలిస్తే రెండోదాన్ని మనమే రాసుకోవచ్చు. ఈ జత కుదిరే గుణమే క్రిస్పర్‌కు పునాది. మనిషి కణంలో ఈ రాత ఒక ప్రతికి సుమారు 300 కోట్ల అక్షరాల పొడవు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి మనకు వస్తాయి.

ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసే ప్రొటీను హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. జన్యువును కణం మూడేసి అక్షరాల మాటలుగా చదువుతుంది. సికిల్ సెల్ వ్యాధిలో మారేది ఆ మాటల్లో ఒకదానిలోని నడిమి అక్షరం మాత్రమే:

```
ఆరోగ్యవంతుల్లో     CCT GAG GAG
సికిల్ జన్యువులో    CCT GTG GAG
```

ఏ ఉండవలసిన చోట టి వచ్చింది. దాంతో ప్రొటీనులో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. ప్రాణవాయువును వదిలేసిన తరువాత ఇలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా పేరుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. అది సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఆ భాగానికి రక్తం అందక నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లో నశిస్తుంది. రక్తహీనతకు కారణం అదే.

రెండు ప్రతుల్లోనూ ఈ మార్పు ఉన్నవారికే వ్యాధి. ఒక ప్రతిలో మాత్రమే ఉన్నవారిని వాహకులంటాం. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, మలేరియా తీవ్రం కాకుండా వారికి కొంత రక్షణ కూడా ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు ఇంతకాలం నిలిచి ఉండడానికి ఇదే కారణం. దీన్ని గిరిజనుల "దోషం"గా రాసేవారు ఈ సంగతి గమనించాలి.

కత్తెర ఎలా పనిచేస్తుంది?

క్రిస్పర్ మనిషి కనిపెట్టిన యంత్రం కాదు. బాక్టీరియాలకు కూడా వైరస్‌లు సోకుతాయి. కొన్ని బాక్టీరియాలు తమకు సోకిన వైరస్ డీఎన్‌ఏలోని చిన్న ముక్కను తమ డీఎన్‌ఏలో దాచుకుంటాయి. పోలీసు స్టేషన్ గోడ మీద అంటించిన నేరస్తుల ఫోటోల వంటిదే ఈ వరుస. అదే వైరస్ మళ్లీ వస్తే దాచుకున్న ముక్కకు నకలు తీసి, దాన్ని కాస్9 వంటి ప్రొటీనుకు అందిస్తాయి. నకలుకు సరిపోయే డీఎన్‌ఏ ఎక్కడ కనబడితే అక్కడ ఆ ప్రొటీను కోస్తుంది. ఈ ఏర్పాటును ఏ డీఎన్‌ఏనైనా కోయగల పనిముట్టుగా మలచవచ్చని జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయేల్ షార్పెంటియర్ బృందం 2012లో చూపింది. 2020లో వారిద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పనిముట్టులో భాగాలు రెండే. మొదటిది 20 అక్షరాల చిరునామా ఉన్న ఆర్‌ఎన్‌ఏ పోగు. దాన్ని గైడ్ ఆర్‌ఎన్‌ఏ అంటారు. రెండోది కోత కోసే కాస్9 ప్రొటీను. కొత్త చోట కోయాలంటే కాస్9ను మార్చనక్కర్లేదు, గైడ్‌లో 20 అక్షరాలు మార్చి రాస్తే చాలు. అంతకుముందు వాడిన పద్ధతుల్లో ప్రతి కొత్త చిరునామాకూ కొత్త ప్రొటీను తయారుచేయవలసి వచ్చేది. క్రిస్పర్ అన్ని ప్రయోగశాలలకూ ఇంత త్వరగా పాకడానికి కారణం ఈ సౌలభ్యమే.

మరి 300 కోట్ల అక్షరాల్లో కాస్9 తన చోటును ఎలా వెతుకుతుంది? అది మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోదు. ముందుగా ఒక గుర్తు కోసం తడుముతుంది: ఏదో ఒక అక్షరం, దాని వెంట రెండు జి లు. ఈ మూడక్షరాల గుర్తును పామ్ అంటారు. పామ్ దొరికిన చోట మాత్రమే రెండు పోగుల్నీ కాస్త విడదీసి, పామ్ పక్క నుంచి ఒక్కో అక్షరాన్నీ గైడ్‌తో సరిచూస్తుంది. మొదట్లోనే జత కుదరకపోతే వదిలేసి వెళ్లిపోతుంది. కుదురుతూ పోతే విడదీస్తూ పోతుంది. దాదాపు 20 అక్షరాలూ కుదిరాక కాస్9లోని రెండు మొనలు చెరొక పోగునూ తెంపుతాయి. కోత పామ్‌కు మూడక్షరాల లోపల పడుతుంది.

బాక్టీరియా దాచుకున్న ముక్క పక్కన పామ్ ఉండదు. అందుకే కాస్9 తన ఇంటి డీఎన్‌ఏనే కోసుకోదు. ప్రయోగశాలలో మాత్రం ఈ పామ్ మనకు ఒక పరిమితి. సరైన చోట రెండు జి లు లేకపోతే ఈ కాస్9తో అక్కడ కోయలేం.

మార్పు చేసేది కత్తెర కాదు

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. కాస్9 చేసే పని తెంపడం మాత్రమే. అక్షరాలు మార్చడం దానికి తెలియదు. మరి డీఎన్‌ఏ ఎలా మారుతుంది?

తెగిన డీఎన్‌ఏ కణానికి ప్రాణాపాయం. వెంటనే కణం తన సొంత మరమ్మతు ప్రొటీన్లను పంపి తెగిన రెండు కొనలనూ పట్టి అతికిస్తుంది. ఈ అతుకు తరచుగా సరిగానే పడుతుంది. కానీ సరిగా పడితే చిరునామా మళ్లీ యథాతథంగా ఏర్పడుతుంది కదా! అక్కడే తిరుగుతున్న కాస్9 దాన్ని మళ్లీ కోస్తుంది. కణం మళ్లీ అతికిస్తుంది. ఇలా జరుగుతూ ఎప్పుడో ఒకసారి అతుకులో పొరపాటు దొర్లి ఒకటో రెండో అక్షరాలు పోతాయి, లేదా అదనంగా చేరతాయి. అప్పుడు చిరునామా చెడిపోతుంది, కాస్9 ఇక దాన్ని గుర్తుపట్టలేదు. అంటే మార్పు కణం చేసిన మరమ్మతు పొరపాటు. కత్తెర ఆ పొరపాటుకు అవకాశం ఇచ్చిందంతే.

ఒక్క అక్షరం పోతే జన్యువు ఏమవుతుందో తెలుగులోనే చూడవచ్చు. మూడక్షరాల మాటలు మూడు రాద్దాం: గడప కలప పలక. ఇందులో "కలప"లోని క తీసేసి, మళ్లీ మూడేసి అక్షరాలుగా విడగొట్టి చదవండి: గడప లపప లక. మొదటి మాట తరువాత అంతా అర్థం లేని రాత. జన్యువు మధ్యలో ఒక్క అక్షరం పోయినా కణం చదువు ఇలాగే గాడి తప్పుతుంది, ప్రొటీను తయారుకాదు. సాధారణంగా జన్యువును పనిచేయకుండా చేయడమంటే ఇదే.

కణానికి అతికించే మరో దారి కూడా ఉంది. పక్కన సరైన రాత ఉన్న నమూనా డీఎన్‌ఏ పెడితే, దాన్ని చూసి నకలు రాసుకుని తెగిన చోటును పూరించగలదు. సికిల్ సెల్‌లో టి తీసి ఏ పెట్టాలంటే ఈ దారి కావాలి. కానీ ఇది ముఖ్యంగా విభజన చెందుతున్న కణాల్లో జరిగే పని. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు చాలాసేపు నిద్రాణంగా ఉంటాయి. వాటిలో ఈ దారి తక్కువగా, మొదటి దారి ఎక్కువగా నడుస్తుంది. అంటే సరిచేద్దామని సికిల్ జన్యువులోనే కోత పెడితే, సరికావడానికి బదులు అది పూర్తిగా చెడిపోయే ప్రమాదం ఉంది. చెడగొట్టడం సులువు, సరిచేయడం కష్టం. మొదటి చికిత్సను రూపొందించినవారు ఈ వాస్తవాన్ని ఒప్పుకుని, చెడగొడితేనే మేలు జరిగే చోటు కోసం వెతికారు.

రెండో క్రోమోజోము మీద ఒక స్విచ్

తల్లి కడుపులో బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని పిండ హిమోగ్లోబిన్ అంటారు. అందులో బీటా గొలుసు లేదు, గామా గొలుసు ఉంది. కాబట్టి సికిల్ మార్పు దాన్ని అంటదు. పుట్టాక కొన్ని నెలల్లో గామా జన్యువు ఆగిపోయి బీటా జన్యువు పని మొదలుపెడుతుంది. సికిల్ సెల్ ఉన్న బిడ్డ మొదటి ఆరు నెలలు దాదాపు మామూలుగానే ఉండి, తరువాత జబ్బుపడడానికి కారణం ఇదే. "పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు, తరువాత ఏదో తగిలింది" అని ఊళ్లలో అనుకోవడం వింటుంటాం. ఆ తల్లిదండ్రులు చూసింది నిజమే, కారణం మాత్రం వేరు. నవజాత శిశువుల్లో కొడవలి కణాలు తక్కువగా ఉండడాన్ని జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు 1948లోనే గమనించింది.

గామా జన్యువును ఆపే ప్రొటీను పేరు బీసీఎల్11ఏ. దాని జన్యువు రెండో క్రోమోజోము మీద ఉంది. ఆ ప్రొటీనును తీసేస్తే పిండ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుందని 2008 నాటి పరిశోధనలతో స్పష్టమైంది. అలాగని జన్యువును పూర్తిగా చెడగొట్టడానికి వీల్లేదు. రక్తంలోని ఇతర కణాలకూ మెదడుకూ కూడా ఆ ప్రొటీను అవసరం. అదృష్టవశాత్తు ఆ జన్యువు లోపలే, ప్రొటీనుకు సంబంధం లేని భాగంలో, ఎర్రకణాలుగా మారే కణాల్లో మాత్రమే పనిచేసే ఒక స్విచ్ దొరికింది. స్విచ్ చెడితే ఎర్రకణాల్లో మాత్రమే బీసీఎల్11ఏ తగ్గుతుంది, మిగతా చోట్ల మామూలుగా ఉంటుంది. ఇల్లంతా కరెంటు తీసేయకుండా ఒక్క గదిలో బల్బు ఆపడం వంటిది.

ఆ చికిత్స పేరు కాస్‌జెవీ. దాని గైడ్ చిరునామా, పక్కన ఉన్న పామ్, కోత పడే చోటు ఇలా ఉంటాయి:

```
CTAACAGTTGCTTTTAT | CAC  AGG
```

చివరి మూడక్షరాలు పామ్. దానికి మూడక్షరాల ముందు ఉన్న నిలువు గీత కోత. ఎందుకు సరిగ్గా ఇక్కడే? ఎదుటి పోగును చదివితే తెలుస్తుంది. అందులో GATAA అనే అయిదక్షరాల మాట ఉంది. గాటా1 అనే ప్రొటీను ఈ మాటను చూసి వాలితేనే స్విచ్ పడుతుంది. కోత ఆ మాట నడుమనే పడుతుంది:

```
కోతకు ముందు         CCTGTGATAAAAGC
కోత                CCTGTG | ATAAAAGC
ఒక అక్షరం పోతే       CCTGTATAAAAGC
ఒక అక్షరం చేరితే     CCTGTGAATAAAAGC
```

మూడో వరుసలో గానీ నాలుగో వరుసలో గానీ GATAA వెతకండి, దొరకదు. గాటా1 కు వాలే చోటు లేదు. బీసీఎల్11ఏ తగ్గింది. గామా జన్యువు మీద పట్టు సడలింది. ఒక్కో కణంలో అతుకు ఒక్కో రకంగా పడినా ఫరవాలేదు, ఎలా చెడినా ఫలితం ఒకటే. కచ్చితమైన అతుకు మీద ఆధారపడని చోటును ఎంచుకోవడంలోనే ఈ పద్ధతి నేర్పు ఉంది.

హైడ్రాక్సీయూరియా గురించి మీరు వినే ఉంటారు. సికిల్ సెల్ రోగులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందు అది. అది కూడా పిండ హిమోగ్లోబిన్‌ను కొంత పెంచుతుంది. పద్ధతి వేరైనా కోట్ల రూపాయల చికిత్సా, రోజూ మింగే ఆ మందూ చేరాలనుకునే చోటు ఒకటే. ఈ సంగతి వార్తల్లో నాకు ఎక్కడా కనబడలేదు. "మందులు లేని వ్యాధికి మందు" అని రాసినప్పుడు, అందుబాటులో ఉన్న మందును పాఠకుడి దృష్టి నుంచి మనమే తప్పించినట్లు అవుతుంది.

ఒక రోగి విషయంలో ఏం జరుగుతుంది?

ఈ చికిత్స ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేది కాదు. ముందు మందులిచ్చి ఎముక మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. యంత్రం ద్వారా రక్తం నుంచి వాటిని వేరుచేస్తారు. చాలినన్ని దొరకడానికి ఒక్కసారి చాలకపోవచ్చు. వాటిని కర్మాగారానికి పంపి, చిన్న విద్యుత్ తాకిడితో కణం పొరలో రంధ్రాలు తెరిచి గైడ్‌నూ కాస్9నూ లోపలికి పంపుతారు. కాస్9 కొద్ది రోజుల్లో కరిగిపోతుంది, మార్పు మాత్రం నిలిచిపోతుంది. తయారీ, పరీక్షలు కలిపి నెలలు పడుతుంది.

తరువాత వచ్చేది కష్టమైన దశ. రోగి మజ్జలో పాత మూలకణాలు ఉన్నంతవరకు కొత్తవాటికి చోటు ఉండదు. అందుకని క్యాన్సర్ చికిత్సలో వాడే బుసల్ఫాన్ అనే మందుతో పాత మజ్జను ఖాళీ చేస్తారు. కొత్త కణాలు ఎక్కించాక అవి మజ్జలో కుదురుకునేదాకా రోగికి రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు. నోటి పుండ్లు, జ్వరం, రక్తస్రావం ప్రమాదం మధ్య వారాల తరబడి ప్రత్యేక గదిలో ఉండాలి. ఆ మందు వల్ల సంతానం కలగకపోయే అవకాశం కూడా ఉంది. క్రిస్పర్ గురించి రాసేవారు ఈ దశను ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోతే అది అసంపూర్ణ వార్తే.

బ్రిటన్ ఈ చికిత్సను 2023 నవంబరు 16న, అమెరికా డిసెంబరు 8న, 12 ఏళ్లు నిండినవారికి ఆమోదించాయి. అమెరికా ఔషధ సంస్థ పరిశీలించిన ఫలితాల్లో తగినంత కాలం గమనించడానికి వీలైన రోగులు 31 మంది. వారిలో 29 మందికి వరుసగా కనీసం 12 నెలలపాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. ఇది గొప్ప ఫలితమే. కానీ ఆ వాక్యంలో ఉన్న ప్రతి మాటా అవసరమే: 31 మంది, కనీసం 12 నెలలు, తీవ్రమైన నొప్పి. "నూటికి 94 మందికి పూర్తిగా నయం" అని కుదిస్తే మూడు సంగతులు మాయమవుతాయి. ధర ఒక రోగికి 22 లక్షల డాలర్లు. ఒక పక్క మాట: అదే రోజు అమెరికా మరో సికిల్ సెల్ జన్యు చికిత్సను కూడా ఆమోదించింది. అది వైరస్ ద్వారా కొత్త జన్యువును చేర్చే పద్ధతి, క్రిస్పర్ కాదు. రెండింటినీ కలిపి రాసిన వార్తలు నేను చూశాను.

చికిత్స పొందిన వ్యక్తి రక్తపరీక్ష నివేదిక మీ చేతికి వస్తే ఏం కనబడుతుంది? పిండ హిమోగ్లోబిన్ సుమారు 40 శాతం, మిగిలిన దానిలో ఎక్కువ భాగం సికిల్ హిమోగ్లోబినే. సికిల్ జన్యువు చెక్కుచెదరలేదు కాబట్టి అది తయారవుతూనే ఉంటుంది. మధ్యలో పిండ హిమోగ్లోబిన్ తగినంత ఉండడం వల్ల కడ్డీలు కట్టలేకపోతుందంతే. ఇది తెలియని విలేకరి ఆ నివేదికను చూసి "చికిత్స విఫలం" అని రాసే అవకాశం ఉంది.

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. సవరించింది రక్త మూలకణాలనే. అండాలు, వీర్యకణాల డీఎన్‌ఏ అలాగే ఉంది. చికిత్స పొందిన పురుషుడు తన ప్రతి బిడ్డకూ ఒక సికిల్ ప్రతినే ఇస్తాడు, అతని దగ్గర వేరే ప్రతి లేదు. భార్య వాహకురాలైతే ఆమె నుంచి సికిల్ ప్రతి వచ్చే అవకాశం సగం. కాబట్టి ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం సగానికి సగం. భార్యలో సికిల్ ప్రతి లేకపోతే పిల్లలందరూ వాహకులవుతారు, ఎవరికీ వ్యాధి రాదు. "నయమైంది కదా, ఇక సంబంధం చూసుకోవచ్చు" అనుకునే కుటుంబానికి ఈ లెక్క తెలియాలి. పెళ్లికి ముందు రక్తపరీక్ష అవసరం క్రిస్పర్ వల్ల తగ్గలేదు.

కోత వేరే చోట పడితే?

20 అక్షరాల చిరునామా ఎంత ప్రత్యేకమైనదో లెక్క వేద్దాం. ఒక్కో స్థానంలో నాలుగు అక్షరాల్లో ఏదైనా ఉండవచ్చు కాబట్టి 20 స్థానాల్లో సుమారు 1.1 లక్షల కోట్ల కూర్పులు సాధ్యం. మన డీఎన్‌ఏ పొడవు 300 కోట్లే. కాబట్టి అచ్చంగా అదే చిరునామా మరోచోట యాదృచ్ఛికంగా ఉండే అవకాశం చాలా తక్కువ. చిక్కు ఏమిటంటే కాస్9 కొన్ని అక్షరాలు కుదరకపోయినా, ముఖ్యంగా పామ్‌కు దూరంగా ఉన్నవి తప్పినా, ఒక్కోసారి సరిపెట్టుకుని కోసేస్తుంది. పిన్‌కోడ్ కలిసి ఇంటిపేరు కాస్త తేడా ఉంటే ఉత్తరం పక్కింట్లో పడేసినట్లు. అలా పడిన కోత క్యాన్సర్‌ను అదుపుచేసే జన్యువును చెడగొడితే ప్రమాదం. సరైన చోట పడిన కోతలోనూ ఒక్కోసారి పెద్ద ముక్క ఊడిపోవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి ముందుగా చిరునామాను పోలిన చోట్లన్నిటినీ కంప్యూటరుతో వెతుకుతారు. తరువాత సవరించిన కణాల నుంచి ఆ చోట్ల డీఎన్‌ఏ తీసి వేలసార్లు చదివి, అక్షరాలు మారాయేమో చూస్తారు. అయితే వెతికేది ఎవరి డీఎన్‌ఏలో? మనుషులందరి రాతా ఒకటి కాదు. కాస్‌జెవీ గైడ్ విషయంలోనే ఒక ఉదాహరణ బయటపడింది. ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే ఒక అక్షరం తేడా, రెండో క్రోమోజోము మీదే ఉన్న సీపీఎస్1 అనే జన్యువులో కొత్త పామ్‌ను సృష్టిస్తుందని, ఆ తేడా ఉన్న కణాల్లో అక్కడ కోత పడుతుందని 2023లో పరిశోధకులు ప్రచురించారు. దానివల్ల ఎవరికైనా హాని జరిగిందని తేలలేదు. కానీ ప్రామాణిక నమూనా డీఎన్‌ఏను మాత్రమే వెతికితే ఇది కనిపించేది కాదు. కొయ్య పొయ్యిల వెనుక, కొండవాలులో, ఎక్కువగా తమలో తామే పెళ్లి సంబంధాలు కలుపుకునే చిన్న సమాజాల్లో ఇంకే తేడాలున్నాయన్న ప్రశ్న ఏజెన్సీకి కూడా వర్తిస్తుంది. ఇలాంటి ప్రమాదాల కోసమే రోగులను 15 ఏళ్లపాటు గమనించాలని నియమం పెట్టారు.

మన దేశంలో

క్రిస్పర్‌తో తెలుగు నేలకు దగ్గరి సంబంధం మొదట ఏర్పడింది వరిలో. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిని సవరించి రూపొందించిన కమల అనే రకాన్ని 2025 మే 4న కేంద్రం ప్రకటించింది. అక్కడా సూత్రం పై కథలోనిదే: గింజల సంఖ్యను తగ్గించే జన్యువు ఒకటి, దానిలో కోత, మొక్క చేసుకున్న పొరపాటు మరమ్మతు. బయటి జన్యువేదీ చేర్చలేదు.

సికిల్ సెల్ విషయంలో కేంద్రం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది లక్ష్యం. దాని ప్రధాన సాధనాలు రక్తపరీక్షలు, కార్డులు, కౌన్సెలింగ్, మందులు. జన్యు సవరణ అందులో ఇంకా రోజువారీ సాధనం కాదు. 2025 నవంబరులో ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ రూపొందించిన బిర్సా 101 అనే క్రిస్పర్ చికిత్సను కేంద్రం ప్రకటించింది. బిర్సా ముండా పేరు పెట్టిన ఈ సాంకేతికతను తయారీ కోసం సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. విదేశీ ధరలో చాలా చిన్న భాగానికే అందించాలన్నది ఉద్దేశం.

ఈ వార్తను అడ్డతీగల నుంచి రాయవలసి వస్తే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ఎంతమంది రోగులకు ఇచ్చారు, ఎంతకాలం గమనించారు అన్నది. ప్రకటన, ప్రయోగ పరీక్ష, ఆమోదం, ఆసుపత్రిలో లభ్యత నాలుగూ వేర్వేరు మెట్లు. రెండో ప్రశ్న: కోత ఎక్కడ పడుతుంది, సికిల్ అక్షరాన్నే సరిచేస్తున్నారా, మరో స్విచ్‌ను చెడగొడుతున్నారా? మూడో ప్రశ్న: పాత మజ్జను ఖాళీ చేసే మందు ఇందులోనూ ఉందా, ఉంటే అన్ని వారాలు రోగిని ఉంచగల ప్రత్యేక గది ఉన్న ఆసుపత్రి ఆ గ్రామానికి ఎంత దూరం? ఈలోగా ఆ బిడ్డకు హైడ్రాక్సీయూరియా క్రమంగా అందుతోందా అన్నది దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మీరే తెలుసుకోగల విషయం.